అద్దెకుండే అబ్బాయి ఫ్రెండ్ పార్టీలో కింది గ్లాస్ డోర్ పగిలింది, రిపేర్ డబ్బులు ఎలా అడగాలి?

ప్రశ్న: "మాది కూకట్‌పల్లిలో జీ ప్లస్ టూ ఇల్లు. కింద మేముంటాం, పైన రెండు వాటాలు అద్దెకిచ్చాం. రెండో అంతస్తులో ఉండే అబ్బాయి మంచివాడే, రెండేళ్ళుగా ఐదో తారీఖు దాటకుండా అద్దె వేస్తాడు. పోయిన శనివారం అతని దగ్గరికొచ్చిన ఫ్రెండ్ ఒకడు తన బర్త్‌డే పార్టీ అక్కడే పెట్టుకున్నాడు, పదిహేను మంది దాకా వచ్చారు. రాత్రి వెళ్ళేటప్పుడు అందరం వాడే కింది గ్లాస్ డోర్ పగిలింది, మొదటి మెట్టు అంచు విరిగింది, గోడ నిండా రంగు స్ప్రే. అడిగితే 'నేను చెయ్యలేదు ఆంటీ, వాళ్ళు చేశారు' అంటున్నాడు. గొడవ లేకుండా ఖర్చు ఎలా అడగాలి? అడ్వాన్స్‌లోంచి పట్టుకోవచ్చా?"

అడగొచ్చండీ. ఆ ఫ్రెండ్‌ని కాదు, మీ అద్దె అబ్బాయినే అడగాలి. అడ్వాన్స్ మాత్రం ఇప్పుడు ముట్టుకోకండి. ముందు రెండు కొటేషన్లు తెప్పించుకోండి. అందులో పార్టీ వల్ల పాడైంది ఎంత, పాతబడి ఎలాగూ మార్చాల్సింది ఎంత అని విడదీయండి. మొదటిది మాత్రమే కాగితం మీద రాసి, అతన్ని ఒక్కడినే కూర్చోబెట్టి చూపించండి. ఒకేసారి ఇవ్వలేనంటే రెండు మూడు నెలల్లో ఇమ్మనండి. ఇలా చేస్తే చాలామంది ఇచ్చేస్తారు.

నేను పాతికేళ్ళుగా ఇళ్ళు అద్దెకిస్తున్నాను. మా బిల్డింగ్ ఒకటి, అమెరికాలో ఉన్న మా తమ్ముడి ఇల్లు ఒకటి, రెండూ నేనే చూసుకుంటాను. అద్దెవాళ్ళ అతిథుల వల్ల ఇలాంటి నష్టం నాకు మూడుసార్లు వచ్చింది. మొదటిసారి పూర్తిగా చెడగొట్టుకున్నాను. గొడవ ఎక్కడ మొదలవుతుందో దాన్ని బట్టే నాకు తెలిసింది. చాలామంది గొంతు పెంచడం వల్ల గొడవ అవుతుందనుకుంటారు. నేను చూసినంతలో గొడవ అంకె దగ్గర మొదలవుతుంది. ఇరవై వేలు అన్నారనుకోండి, ఎందుకు ఇరవై వేలో మీరు చెప్పలేకపోతే, ఎంత మెల్లగా అడిగినా అవతలివాడికి అది దోపిడీలాగే వినిపిస్తుంది. లెక్క తేలాక మాట్లాడితే మీకు గొంతు పెంచాల్సిన అవసరమే రాదు.

ముందుగా ఈ రోజే చెయ్యాల్సిన పని. సీసీ కెమెరా ఉంటే ఆ రాత్రి రికార్డింగ్ ఇప్పుడే పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకోండి. హార్డ్ డిస్క్ సైజును బట్టి కొన్ని వారం రోజులకే పాతది చెరిపేసి పైన కొత్తది రాసేస్తాయి. శనివారం జరిగిందంటున్నారు కాబట్టి ఎక్కువ టైమ్ లేదు. ఫోటోలు దూరం నుంచి ఒకటి, దగ్గర నుంచి ఒకటి చొప్పున తీయండి. మెట్టు పక్కన స్కేలు గానీ టేపు గానీ పెట్టి తీస్తే విరిగిన ముక్క ఎంతుందో తర్వాత వాదన ఉండదు. ఆ వీడియో ఎవరికీ ఫార్వర్డ్ చెయ్యకండి, ముఖ్యంగా బిల్డింగ్ వాట్సాప్ గ్రూపులో అస్సలు వెయ్యకండి. పక్కవాటా వాళ్ళు చూశారని తెలిసిన క్షణం అతనికి డబ్బు కంటే పరువు ముఖ్యమైపోతుంది, ఇక ఒప్పుకోడు.

ఇప్పుడు ఎందుకు అతన్నే అడగాలో చెబుతాను. ఆ పదిహేను మందితో మీకు ఏ ఒప్పందమూ లేదు. వాళ్ళ పేర్లు కూడా మీకు తెలియవు. వాళ్ళు మీ గేటు దాటి లోపలికి వచ్చింది అతను రమ్మన్నందుకే. ఆస్తి బదిలీ చట్టం, 1882లో 108వ సెక్షన్ అద్దెదారు బాధ్యతల గురించి చెబుతుంది. ఇంటిని తీసుకున్నప్పటి స్థితిలోనే ఉంచాలి, మామూలు వాడకం వల్ల వచ్చే అరుగుదల మాత్రం లెక్కలోకి రాదు. అద్దెదారు వల్ల గానీ, అతని పనివాళ్ళ వల్ల, ఏజెంట్ల వల్ల గానీ పాడైతే, మీరు నోటీసు ఇచ్చిన 3 నెలల్లోపు బాగుచేయించాలి. సారాంశం ఇదే.

కానీ ఇక్కడ ఒక మెలిక ఉంది, అది తెలియకుండా చట్టం పేరెత్తితే మీరే ఇబ్బంది పడతారు. ఆ సెక్షన్‌లో "చుట్టాలు, స్నేహితులు" అనే మాట లేదు. పైగా మీరు అతనికి అద్దెకిచ్చింది రెండో అంతస్తు వాటా, కింది ఎంట్రన్స్ అందరూ వాడుకునేది. కాబట్టి చట్టం అక్షరాలా మీ పక్షానే ఉందని అనుకోకండి, తెలిసిన లాయర్ ఈ రెండూ పట్టుకుని వాదించగలడు. మీకు అసలు బలం అద్దె అగ్రిమెంట్. మన దగ్గర రాసుకునే 11 నెలల అగ్రిమెంట్లలో చాలావాటిలో "అద్దెదారు వల్ల, కుటుంబ సభ్యుల వల్ల, అతిథుల వల్ల కలిగే నష్టానికి అద్దెదారే బాధ్యుడు" అనే లైను ఉంటుంది. వెళ్ళి చూడండి. అతిథులు అనే మాట ఉంటే మీ పని సగం అయిపోయినట్టే. లేకపోతే కూడా అడగొచ్చు, కాకపోతే హక్కుగా కాకుండా న్యాయంగా అడుగుతున్నట్టు అడగాలి.

మా ఇంట్లో జరిగిన రెండోసారి సంగతి లెక్కతో సహా చెబుతాను, ఎందుకంటే మీదీ దాదాపు అలాంటిదే.

మొదటి అంతస్తులో ఒక జంట ఉండేవాళ్ళు. ఆ అమ్మాయి తమ్ముడు ఊరి నుంచి వచ్చి, ఉద్యోగం వచ్చిందని ఫ్రెండ్స్‌ని పిలిచి పార్టీ ఇచ్చాడు. రాత్రి ఒంటిగంటకి పెద్ద స్పీకర్ ఒకటి ఇద్దరు పట్టుకుని దిగుతుంటే దాని మూల గ్లాస్ డోర్ కింది అంచుకి తగిలింది. ఒక్కసారిగా డోర్ మొత్తం బియ్యం పోసినట్టు కింద పడింది. వాళ్ళు కంగారులో స్పీకర్ వదిలేస్తే అది మెట్టు మీద పడి, గ్రానైట్ అంచు జానెడు మేర లేచిపోయింది. గోడకి ముందే ఫోమ్ స్ప్రే, రంగులు కొట్టి ఉన్నారు.

డోర్ గురించి కాస్త చెప్పాలి, ఎందుకంటే అద్దెవాళ్ళు దీని మీదే ఎక్కువ వాదిస్తారు. ఎంట్రన్స్‌లో పెట్టేది 12 ఎం.ఎం. టఫెన్డ్ గ్లాస్. దీనికి మధ్యలో గుద్దు తగిలితే చాలావరకు తట్టుకుంటుంది, అంచు దగ్గర, మూల దగ్గర చిన్న దెబ్బకే మొత్తం పోతుంది. పగిలితే అతుకు వెయ్యడానికి ఉండదు. రంధ్రాలు, కటింగ్ అన్నీ ముందే చేసి, తర్వాత వేడి చేసి గట్టిపరుస్తారు కాబట్టి తయారయ్యాక కోయడం కూడా కుదరదు. కొలత ఇచ్చి కొత్తది చేయించుకోవాల్సిందే, ఐదారు రోజులు పడుతుంది. కాబట్టి "చిన్న దెబ్బకి మొత్తం డోర్ డబ్బులా?" అంటే జవాబు అదే, ఆ గ్లాస్‌లో సగం రిపేర్ అనేది లేదు.

అలాగే అతను "అది దానంతట అదే పగిలిందేమో" అనొచ్చు. అరుదుగా అలా జరుగుతుంది, అబద్ధం కాదు. తయారీలో గాజు లోపల నికెల్ సల్ఫైడ్ అనే సన్నటి రేణువు ఉండిపోతే, ఏళ్ళ తర్వాత కూడా ఎవరూ ముట్టకుండానే పగలొచ్చు. అప్పుడు పగులు మొదలైన చోట రెండు పెద్ద ముక్కలు సీతాకోకచిలుక రెక్కల్లా పక్కపక్కన కనిపిస్తాయి. డోర్‌లో అయితే ముక్కలన్నీ కింద రాలిపోతాయి కాబట్టి అది దొరకడం కష్టం. మీ దగ్గర వీడియో ఉంటే ఈ చర్చే రాదు, లేకపోతే ఆ టైమ్‌కి డోర్ దగ్గర ఎవరున్నారని మీ అద్దె అబ్బాయినే అడగండి. మూడో కారణం ఓనర్లుగా మనమే నిజాయితీగా చూసుకోవాలి. డోర్ కింద నేలలో ఉండే ఫ్లోర్ స్ప్రింగ్ పాడైతే డోర్ మెల్లగా మూసుకోకుండా ధడాలున కొట్టుకుంటుంది, లేదా కిందికి వాలి నేలకి రాసుకుంటుంది. స్ప్రింగ్ మూత చుట్టూ నూనె మరక ఉంటే అది లీకవుతున్నట్టే. మీ డోర్ పార్టీకి ముందు నుంచే అలా కొట్టుకుంటూ ఉండి ఉంటే, పగలడంలో మీ వాటా కూడా ఉందని ఒప్పుకోండి.

మా ఇంట్లో సరిగ్గా ఆ నూనె మరకే ఉంది. అప్పటికి స్ప్రింగ్‌కి తొమ్మిదేళ్ళు, నేనే మార్పిద్దామని వాయిదా వేస్తూ వచ్చాను. వీడియోలో స్పీకర్ తగిలినట్టు స్పష్టంగా ఉంది కాబట్టి గ్లాస్ వాళ్ళదే, కానీ స్ప్రింగ్ డబ్బులు వాళ్ళని అడగడం తప్పు.

కొటేషన్ ఇలా వచ్చింది. ఇవి అప్పటి రేట్లు, మీకు ఇప్పుడు ఎక్కువే పడుతుంది, లెక్క వేసే పద్ధతి కోసం మాత్రమే చూడండి. గ్లాస్ 6,500, బిగించడానికి కూలి 1,500, వంగిపోయిన హ్యాండిల్ 1,200, ఫ్లోర్ స్ప్రింగ్ 3,800. గ్రానైట్ మెట్టు రాయి, అంచు గుండ్రం తిప్పడం, మేస్త్రి కూలి కలిపి 3,200. గోడకి పుట్టీ, రెండు కోట్ల పెయింట్ 4,000. మొత్తం 20,200.

ఇందులో వాళ్ళని అడిగింది 13,700. ఎలాగంటే, గ్లాస్, కూలి, హ్యాండిల్ పూర్తిగా వాళ్ళవే, 9,200. గాజు వాడకంతో అరిగే వస్తువు కాదు, తొమ్మిదేళ్ళ గాజైనా అలాగే ఉంటుంది, కాబట్టి పాతదని తగ్గించలేదు. స్ప్రింగ్ పూర్తిగా నాది.

మెట్టు దగ్గర కొంచెం ఆలోచించాను. చిన్న పెచ్చు లేస్తే రాయి రంగు కలిపిన ఎపాక్సీతో పూడ్చి పాలిష్ పడితే సరిపోతుంది, దానికి వెయ్యి కూడా కాదు. అలాంటప్పుడు రాయి మార్చి ఆ డబ్బు అడగడం న్యాయం కాదు. మాది జానెడు ముక్క, పైగా అడుగు పడే అంచు, గ్యాస్ బండ దించేది అక్కడే. పూడిస్తే ఆరు నెలలు నిలవదని మేస్త్రి చెప్పాడు. అందుకని రాయి మార్చి 3,200 మొత్తం అడిగాను. కొత్త రాయి రంగు పాత మెట్లతో కలవలేదు, గ్రానైట్ లాటు మారితే షేడ్ మారుతుంది. మా ఆవిడ అన్ని మెట్లూ మారిపిద్దాం అంది. అది మా ఇష్టం కాబట్టి మా డబ్బుతో చేసుకోవాలి, ఒక మెట్టు విరిగినందుకు ఆరు మెట్ల ఖర్చు ఎవరి మీదా వెయ్యకూడదు.

గోడకి పెయింట్ వేసి నాలుగేళ్ళయింది. నేను ఆరేళ్ళకోసారి వేయిస్తాను. అంటే ఆ పెయింట్‌కి ఇంకా రెండేళ్ళ ఆయుష్షు ఉంది, ఆరింట్లో రెండు, మూడో వంతు. 4,000లో మూడో వంతు 1,300 చిల్లర, 1,300 వేశాను. మరక పడిన చోట మాత్రమే పెయింట్ వేస్తే అతుకు కనిపిస్తుంది కాబట్టి ఆ గోడ ఒక మూల నుంచి ఇంకో మూల దాకా వెయ్యాల్సిందే, అంతవరకు అడగడం సబబు. పక్క గోడలు, పై అంతస్తు మెట్ల గోడ కలపకూడదు. 9,200, 3,200, 1,300 కలిపితే 13,700. మిగిలిన 6,500 నేను పెట్టుకున్నాను.

ఇలా తగ్గించడం వల్ల మనం నష్టపోతాం కదా అని మా బావమరిది అన్నాడు. నిజానికి అరిగిన వస్తువు స్థానంలో కొత్తది వస్తోంది, ఆ తేడా నా ఇంటికే మిగులుతుంది. ఇంకో సంగతి కూడా ఉంది. మీ లెక్కలో "ఇది నా ఖర్చు" అనే లైను ఒకటి కనిపిస్తే అవతలివాడు మిగతా లైన్ల మీద వాదించడు. ఆ కాగితం చూసి మా అద్దెవాళ్ళు మొదట అడిగింది "స్ప్రింగ్ ఎందుకు తీసేశారంకుల్?" అని. అక్కడే సగం బిగువు తగ్గిపోయింది.

ఇక మాట్లాడటం. నేను జరిగిన రోజు అడగలేదు. పొద్దున్నే కలిసి "ఎవరికీ దెబ్బలు తగల్లేదు కదా? గాజు ముక్కలు ఊడ్పించాను, చెప్పుల్లేకుండా తిరగకండి" అని మాత్రం అన్నాను. మూడు రోజుల తర్వాత, కొటేషన్లు వచ్చాక, సాయంత్రం ఇద్దరినీ మా ఇంటికి రమ్మని టీ ఇచ్చి మాట్లాడాను. మెట్ల మీద నిలబడి, వాళ్ళు ఆఫీసుకి పోయే టైమ్‌లో, పక్కవాళ్ళు వింటుండగా మాత్రం వద్దు. మీరు కూడా ఇలా మొదలుపెట్టొచ్చు:

"బాబూ, నువ్వు పగలగొట్టలేదని నాకు తెలుసు. నీ మీద కోపం ఏమీ లేదు. వాళ్ళు నీ కోసం వచ్చారు, నాకు వాళ్ళెవరో తెలియదు, అందుకని నిన్నే అడుగుతున్నాను. ఇవి రెండు షాపుల కొటేషన్లు. ఇందులో పాతబడినవి నేను పెట్టుకుంటున్నాను. పార్టీ వల్ల అయింది ఇంత. నువ్వు వాళ్ళ దగ్గర వసూలు చేసుకుంటావో, నువ్వే ఇస్తావో నీ ఇష్టం. నీకు తెలిసిన గ్లాస్ షాపు ఎక్కడైనా తక్కువకి చేస్తానంటే అదే మందం, అదే పనితనం ఉంటే అక్కడే చేయిద్దాం."

ఆ చివరి మాట తప్పకుండా చెప్పండి. బయట అడిగి చూసుకునే అవకాశం ఇస్తే, మీరు రేటు పెంచి చెబుతున్నారన్న అనుమానం పోతుంది. చాలామంది నిజంగా వెళ్ళి అడిగి, అదే రేటు వింటారు.

అతను "నేను చెయ్యలేదు ఆంటీ" అని మళ్ళీ అంటాడు. దానికి వాదించకండి. "అవును, నువ్వు చెయ్యలేదు. నువ్వు మా ఇంట్లో ఉన్నావు కాబట్టి నాకు అడగడానికి నువ్వే ఉన్నావు. వాళ్ళని అడగడానికి నువ్వున్నావు" అని అక్కడ ఆపండి. ఆపి, ఆలోచించుకోవడానికి రెండు రోజులు ఇవ్వండి. అప్పటికప్పుడు ఔనో కాదో చెప్పమంటే భయంతో కాదనేస్తారు, కుర్రవాళ్ళు మరీను. అతనికి ఆ ఫ్రెండ్‌ని డబ్బు అడగడానికి కూడా టైమ్ కావాలి. ఫ్రెండ్‌కి చూపించడానికి ఆ కాగితం ఫోటో తీసుకోమనండి. "మా ఓనర్ అడుగుతోంది" అని నోటితో చెప్పడం కంటే లెక్క రాసిన కాగితం పంపడం అతనికీ తేలిక.

ఒప్పుకున్నాక అదే రాత్రి ఒక వాట్సాప్ మెసేజ్ పెట్టండి, అతనికి ఒక్కడికే. నేను పెట్టింది దాదాపు ఇలా ఉంది: "ఈ రోజు మాట్లాడుకున్న ప్రకారం ఎంట్రన్స్ గ్లాస్ డోర్, మెట్టు, గోడ రిపేర్‌కి మీ వాటా 13,700. ఇందులో 5,000 ఈ వారం, మిగిలిన 8,700 వచ్చే రెండు నెలల్లో నెలకి 4,350 చొప్పున. ఇది అద్దెకి సంబంధం లేని విడి లెక్క, అడ్వాన్స్ యథాతథంగా ఉంటుంది. పని అయ్యాక బిల్లులు పంపిస్తాను." కింద వాళ్ళు "ఓకే అంకుల్" అని పెట్టారు. ఆ ఒక్క ఓకే చాలు. బెదిరింపు, లాయర్ మాట, ఆశ్చర్యార్థకాలు ఏవీ ఉండకూడదు అందులో, ఎందుకంటే రేపు ఏదైనా తేడా వస్తే మూడో మనిషి చదివేది ఆ మెసేజే.

అద్దె, రిపేర్ డబ్బు ఒకే ట్రాన్స్‌ఫర్‌లో తీసుకోకండి. విడిగా పంపమనండి, నోట్‌లో "డోర్ రిపేర్" అని రాయమనండి. కలిపి పంపితే రెండో నెలలో వెయ్యి తక్కువ వచ్చినప్పుడు అది అద్దె బాకీయా, రిపేర్ బాకీయా అని తేల్చుకోలేక మళ్ళీ మొదటికొస్తుంది.

అడ్వాన్స్ ఎందుకు వద్దన్నానో చెప్పలేదు కదా. అడ్వాన్స్ ఖాళీ చేసే రోజు కోసం ఉంచుకున్న డబ్బు. మన అగ్రిమెంట్లలో కూడా ఖాళీ చేసేటప్పుడు నష్టాలు మినహాయించి తిరిగి ఇస్తాం అనే రాసుకుంటాం, మధ్యలో కోసుకుంటాం అని కాదు. రెండు నెలల అడ్వాన్స్‌లో ఇప్పుడే పద్నాలుగు వేలు తీసేస్తే, రేపు అతను కరెంటు బిల్లు కట్టకుండా వెళ్ళినా, లోపల కప్‌బోర్డ్ విరిచినా మీ చేతిలో ఏమీ ఉండదు. ఇంకా పెద్ద చిక్కు ఏమిటంటే, మీరు చెప్పకుండా అడ్వాన్స్ కోస్తే అతను కూడా చెప్పకుండా అద్దె ఆపేసి "అడ్వాన్స్‌లో సర్దుకోండి" అంటాడు.

నా మొదటిసారి అచ్చంగా ఇదే జరిగింది. అప్పుడు గేటు మీద కారు రివర్స్ చేసి కొక్కేలు విరిచారు, అద్దెవాళ్ళ చుట్టాలు. నేను కిందకి దిగి, వీధి జనం చూస్తుండగా అరిచి, గేటుతో పాటు కాంపౌండ్ పెయింట్ అంతా కలిపి పాతిక వేలు అన్నాను. కాగితం లేదు, కొటేషన్ లేదు. గేటు వెల్డింగ్‌కి అప్పట్లో నాలుగు వేలు దాటదు. ఆయన ఒక్క మాట మాట్లాడలేదు. రెండు నెలలు అద్దె ఇవ్వకుండా అడ్వాన్స్‌లో సర్దేసుకుని, మూడో నెల ఖాళీ చేశాడు. నాలుగు వేలు కూడా రాలేదు, వాటా రెండు నెలలు ఖాళీగా ఉంది. నాలుగేళ్ళు మా పిల్లలకి ట్యూషన్ చెప్పిన మనిషి ఆయన. అది నాకిప్పటికీ బాధే.

మీ మొదటి అంతస్తు వాటా వాళ్ళ దగ్గర కూడా మెయింటెనెన్స్ తీసుకుంటుంటే అందులోంచి ఈ రిపేర్ చెయ్యకండి. అందరూ వాడే డోర్ కదా అని అందరి డబ్బులో కలిపితే, ఏ సంబంధమూ లేని మొదటి అంతస్తు వాళ్ళు ఆ పార్టీకి డబ్బు కట్టినట్టవుతుంది. ఇది చదివేవాళ్ళలో అపార్ట్‌మెంట్ ఫ్లాట్ అద్దెకిచ్చినవాళ్ళుంటే, అక్కడ అసోసియేషన్ సాధారణంగా ఫ్లాట్ ఓనర్‌నే అడుగుతుంది. మీరు అసోసియేషన్‌కి కట్టి, ఆ రసీదు చూపించి అద్దెవాళ్ళని అడగాలి.

అస్సలు ఇవ్వనంటే? నీళ్ళు ఆపడం, కరెంటు తీసెయ్యడం, లిఫ్ట్ ఆపడం లాంటివి చెయ్యకండి, అప్పటిదాకా న్యాయం మీ వైపున్నా ఆ క్షణం నుంచి తప్పు మీదవుతుంది. పోలీస్ స్టేషన్‌కి వెళ్ళినా కావాలని పగలగొట్టారని చూపించలేకపోతే సివిల్ గొడవ అని పంపేస్తారు. ఫోటోలు, బిల్లు కాపీలు జతచేసి, ఏమేం పాడైంది, ఎంత, ఎప్పటిలోగా అని రాసి స్పీడ్ పోస్ట్‌లో ఉత్తరం పంపండి. 3 నెలల గడువు ఇవ్వండి. అప్పటికీ రాకపోతే రెండు దారులు. ఒకటి, ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్స్‌లోంచి, అగ్రిమెంట్ ప్రకారం, లెక్క రాసిచ్చి మినహాయించడం. రెండోది, మీ జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ప్రీ లిటిగేషన్ కింద, అంటే కేసు వెయ్యకముందే, అర్జీ పెట్టి లోక్ అదాలత్‌కి పిలిపించడం. దీనికి కోర్టు ఫీజు ఉండదు, ఇద్దరూ ఒప్పుకుంటే అక్కడ ఇచ్చే అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానం. అవతలివాళ్ళు రాకపోతే మాత్రం అక్కడ బలవంతం చెయ్యలేరు. పద్నాలుగు వేల కోసం సివిల్ కోర్టుకెళ్ళమని నేను చెప్పను, లాయర్ ఫీజే అంతకంటే ఎక్కువవుతుంది.

"భయం ఉండాలి కదా" అని జరిమానాగా పైన ఐదు వేలు కలపకండి. అగ్రిమెంట్‌లో జరిమానా రాసుకున్నా, కాంట్రాక్ట్ చట్టం, 1872లో 74వ సెక్షన్ ప్రకారం కోర్టు ఇప్పించేది సబబైన పరిహారమే, రాసుకున్న అంకె అంతా కాదు.

మావాళ్ళు మొత్తం 13,700 ఇచ్చారు, రెండో నెల నాలుగు రోజులు ఆలస్యంగా. తమ్ముడి ఫ్రెండ్స్ నలుగురు పంచుకున్నారట. తర్వాత మూడేళ్ళు మా ఇంట్లోనే ఉన్నారు. అగ్రిమెంట్ రెన్యూవల్ అప్పుడు నేను ఒక లైను కలిపాను, మీ దాంట్లో లేకపోతే ఇది వాడుకోండి: "అద్దెదారు గానీ, అతని కుటుంబ సభ్యులు, అతిథులు, వారి వెంట వచ్చినవారు గానీ అద్దె వాటాకి లేదా గేటు, ఎంట్రన్స్ డోర్, మెట్లు, లిఫ్ట్, పార్కింగ్ వంటి ఉమ్మడి భాగాలకి కలిగించే నష్టాన్ని, మామూలు అరుగుదల మినహాయించి, బిల్లుల ప్రకారం అద్దెదారు చెల్లించాలి." అరుగుదల మినహాయించి అనే మాట తీసెయ్యకండి, ఆ మాట ఉంటేనే వాళ్ళు మనస్ఫూర్తిగా సంతకం పెడతారు.

కొత్త డోర్ బిగించే రోజు అతన్ని కూడా ఉండమనండి. ఒరిజినల్ బిల్లు చూపించండి. కొటేషన్ కంటే తక్కువైతే ఆ తేడా అదే రోజు తిరిగి ఇచ్చెయ్యండి, నాకు హ్యాండిల్ దగ్గర 200 తగ్గితే ఇచ్చేశాను. గ్లాస్ వచ్చేదాకా ఆ ఐదారు రోజులు రాత్రిపూట కాలాప్సిబుల్ గేటుకి తాళం వేసుకోండి. అది లేకపోతే ప్లైవుడ్ షీట్ ఒకటి బిగించమని కార్పెంటర్‌కి చెప్పండి, ఆ ఖర్చు కూడా లెక్కలో వెయ్యొచ్చు.